టెంకాయ కత ఎత్తొద్దు

ద్రాక్షరసం గ్లాసు నా చేతిలో పెట్టి, "అప్పుడే తాగొద్దన్నా, టోస్టు చెప్పినాక తాగాల" అని హెచ్చరించి మరీ ముందు వరుసకు పోయింది పాటల బృందంలోని ఒక అమ్మాయి, ఆ టోస్టు చెప్పాల్సింది నేనేనని పాపం ఆమెకు తెలియదు, తెలిసి ఉంటే ఇంకో గుక్క ఎక్కువ పోసేదేమో, ఎందుకంటే నా నాలుక అంగిటికి అతుక్కుపోయి చాలాసేపయింది. బద్వేలు ఎండ షామియానా గుడ్డలోంచి పచ్చగా, ఎర్రగా దిగి అందరి మొహాల మీదా పడుతోంది, మూలన పెట్టిన కూలరు చల్లగాలి అంతా వంటవాళ్ల వైపే పంపిస్తోంది, వేదిక మీద చర్చి అయ్యగారు కేకు ముందు నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆయన ప్రార్థనలో ఇప్పటికి వధూవరులు అయిపోయారు, వాళ్ల తల్లిదండ్రులు అయిపోయారు, ఇప్పుడు వంట చేసినవాళ్లూ వర్షాలూ వస్తున్నాయి. ఇంకా సాగితే బాగుండునని నేనూ ప్రార్థిస్తున్నాను, బహుశా ఈ పందిట్లో ప్రార్థన పొడుగు కావాలని కోరుకుంటున్న కోమటివాణ్ని నేనొక్కణ్నే. గ్లాసులోంచి లవంగం వాసన వస్తోంది, ఒక్క లవంగం ఎక్కువే పడింది, ఎమ్మిగనూరులో అంగడి పెట్టుకుని బతికేవాడి ముక్కు ఎక్కడికి పోయినా దాని పని అది చేస్తూనే ఉంటుంది. వేదిక మీద జయపాల్ బూడిద రంగు సూటులో చెమటతో తడిసిపోతున్నాడు, పక్కన స్తుతి తెల్లచీరలో ఏమీ పట్టనట్టు చల్లగా ఉంది, వాడు ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు, "రెడీనా శెట్టీ" అని, వాడు నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవడు. రెడీ లేదురా, నీ పెళ్లికి నేనే దొరికానా నీకు, ఇంతమంది టీచర్లున్నారు మీ బడిలో, మైకు దొరికితే వదలనివాళ్లు, వాళ్లలో ఎవరినైనా అడిగి ఉండొచ్చు గదా.

అసలు టోస్టు అనే మాట మా ఇంట్లోకి వచ్చినప్పుడే తేడా వచ్చింది. వాడు ఫోను చేసి, "నా పెండ్లికి టోస్టు నువ్వే చెయ్యాల రా" అన్నాడు, పక్కన కూర్చున్న మా నాయన రామకోటయ్యకు సగమే వినపడింది, ఆయన వెంటనే లేచి లోపలి అరల వైపు చూసి, "ఎన్ని ప్యాకెట్లు గావాలంట? ఆయప్ప పెండ్లికి మనం దుడ్లు తీసుకుంటామా, ఊరికే పంపిద్దాం" అన్నాడు. మా అంగట్లో టోస్టు అంటే టీలో ముంచుకుని తినే గట్టి రొట్టె ముక్కలే మరి, బరగడుపున వచ్చే హమాలీలు అవే అడిగేది. నాకూ అంతకంటే తెలియదు, తెలిసినట్టు సరే అన్నాను. తరువాత వాడే చెప్పాడు, అది తినేది కాదు, చెప్పేది అని. నిన్న సాయంత్రం బస్సు దిగీ దిగగానే అయ్యగారు నన్ను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. ముందు నువ్వెవరో చెప్పు, అందరికీ నువ్వు తెలియదు. పెండ్లికొడుకును కొంచెం ఏడిపించు, నవ్వాల గానీ నొచ్చుకోగూడదు, ఆడపిల్లను మాత్రం ఏడిపించొద్దు, ఆమె ఈ ఊరి పిల్ల, ఊరంతా నీ మీద పడుతుంది. వాడిలో నీకు నచ్చింది ఏదో ఒకటి నిజంగా చెప్పు, పొగడ్త వద్దు, జరిగింది చెప్పు. రెండిండ్లనూ తలుచుకో. గ్లాసులు అందరికీ అందినాయా లేదా చూసుకో, ఉత్త గ్లాసులు పైకెత్తించొద్దు. తరువాత అందర్నీ లేపి, దీవెన ఒక్క ముక్కలో చెప్పి, గ్లాసు ఎత్తి "వధూవరులకు" అను, సభంతా "వధూవరులకు" అంటుంది, అందరూ ఒక గుక్క తాగుతారు, నువ్వు కూర్చో. కూర్చోవడం మర్చిపోవద్దు, శానామంది దాన్నే మర్చిపోతారు. ఇంత చెప్పి ఆయన నవ్వారు, నాకు మాత్రం పరీక్ష ముందర హాల్ టికెట్టు చేతికిచ్చినట్టయింది. రాత్రంతా పడుకుని వధూవరులకు, వధూవరులకు అనుకుంటూనే ఉన్నాను.

అయినా నాకు భయం మాటల గురించి కాదు. అంగట్లో కూర్చునేవాడికి మాటలు రాకపోతే ఉప్పు కూడా అమ్ముడుపోదు. నా దగ్గర ఒక కథ ఉంది, జయపాల్ అంటే ఏమిటో అందరికీ తెలియాలంటే అది ఒక్కటి చాలు, ఆ కథ చెప్పి కూర్చుంటే టోస్టు అయిపోయినట్టే, నెల నుంచీ దాన్నే కందిపప్పు మూటల ముందు నిలబడి చెప్పుకుంటున్నాను. పొద్దున చర్చికి బయలుదేరేటప్పుడు వాళ్లమ్మ జీవమ్మ నన్ను పక్కకు పిలిచింది. కొత్త చీర కొంగును వేళ్లకు చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. తరువాత, "నాయనా రాఘూ, నువ్వు బాగా మాట్లాడతావు, నాకు తెల్సు. ఆ టెంకాయ కత మాత్రం ఎత్తొద్దు నాయనా. పిల్ల తాత దాసన్న శానా పట్టింపు మనిషి. మా వాడు పూజకాడ నిలబడినాడని తెలిస్తే ఏమనుకుంటాడో ఏమో. ఈ సంబంధం మాకు ఎక్కువైందే" అంది. నా చిన్నప్పటినుంచీ నాకు జొన్నరొట్టె పెట్టిన చెయ్యి ఆమెది. "ఎత్తను పిన్నమ్మా" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, నా టోస్టులోంచి టోస్టు పోయిందని, ఇక చేతిలో మిగిలింది ప్యాకెట్టేనని.

ఆ టెంకాయ కథ, ఇప్పుడు నోట్లోంచి రాకూడదు గనక తలలో ఇంకా గట్టిగా తిరుగుతోంది, మా చిన్నప్పుడు ఒక దీపావళి సాయంత్రం, అంగడి ముందు తారాజువ్వలు, లోపల లక్ష్మీపూజ, పూజ చేసే అయ్యవారు మంత్రాలు ముగించి, ఈ అంగడి చల్లగుండాల, ఈ ఇంటిల్లిపాదీ చల్లగుండాల అని ఆశీర్వచనం చెప్పి టెంకాయ చేతిలోకి తీసుకున్నాడు. బెల్లం కోసం వచ్చి గడప దగ్గరే ఆగిపోయిన జయపాల్, వాళ్లమ్మ నేర్పినట్టే, ఎవరు ప్రార్థన చేస్తున్నా చేతులు కట్టుకుని కళ్లు మూసుకోవాలని నేర్పింది గదా, అట్లాగే కళ్లు మూసుకుని, మంత్రం ఆగీ ఆగగానే అంగడి కప్పు లేచిపోయేట్టు "ఆమేన్" అన్నాడు. అయ్యవారి చేతిలో టెంకాయ గాల్లోనే ఆగిపోయింది. మా నాయన దగ్గాడు. మా అవ్వ అలివేలమ్మ మాత్రం వాడి దగ్గరికి పోయి, "ఏమన్న్యావప్పా?" అని అడిగింది. వాడికి తప్పు చేసినట్టు అనిపించిందో ఏమో, గొంతు తగ్గించి, "ఆమేన్ అవ్వా. అంటే అట్లే కావాల అని" అన్నాడు. అవ్వ మొహం ఎట్లా విప్పారిందో ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అవ్వకు ఒక పట్టింపు ఉంది, ఎవరైనా మంచి మాట అన్నాక ఇంకెవరో ఒకరు తథాస్తు అనాలి, లేకుంటే ఆ మాట గాలికి పోతుంది, అంగట్లో ఎవరికీ ఆ ఓపిక లేదు, ఆమే అనుకుని ఆమే తథాస్తు అనుకునేది. "సూడు, మన పిల్లోళ్లకు నోరు రాదు, ఈ పిల్లోడు అడక్కుండానే అన్న్యాడు. ఇంగ కొట్టు సామీ టెంకాయ" అంది. అంతే, అప్పటినుంచీ జయపాల్ ఆమేన్ అననిదే మా అంగట్లో దీపావళి టెంకాయ పగలలేదు. వాడు టీచరు ఉద్యోగం వచ్చి ఈ కడప జిల్లాకు వచ్చాక కూడా, అయ్యవారు విసుక్కుంటున్నా సరే, అవ్వ ఫోను కలిపించి, రిసీవరు గాల్లో పట్టుకుని, వాడు అటు నుంచి ఆమేన్ అన్నాకనే తల ఊపేది. దీనిలో తప్పేముంది, వాడు వాడి దేవుణ్నే అడిగాడు, మా కోసం అడిగాడు. కానీ దీన్ని దాసన్న తాతకు ఎవరు చెప్పగలరు.

దాసన్న తాత నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. తెల్లపంచె, తెల్లచొక్కా, మోకాళ్ల మధ్య చేతికర్ర, గుండుసూదంత నవ్వు కూడా లేని మొహం. ఈ చర్చికి పెద్ద, అయ్యగార్లు వస్తారు, పోతారు, ఆయన ఉంటాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు గనక ధైర్యంగా చూస్తున్నాను, తెరిస్తే చూడలేను, దానికి కారణం కూడా జయపాలే. పెళ్లిచూపులకు వాడి వెంట నేను వచ్చాను, మిక్చరు పళ్లెం నా ముందు పెట్టారు, దాసన్న తాత వాణ్ని ఒకే ఒక్కటి అడిగాడు, "తాగుడు, బీడీ, ఏమైనా అలవాటుండాదా అబ్బోడా?" అని. లేదు అంటే అయిపోయేది, నిజంగానే లేదు. వాడు కాసేపు ఆలోచించాడు. "అలవాటు లేదు తాతా. ఏడో తరగతిలో ఒకసారి బీడీ తాగినా. ఈ రాఘవేంద్రప్రసాదే అగ్గిపుల్ల గీసినాడు" అన్నాడు. నా పేరు వాడి నోట పూర్తిగా విన్నది ఆ ఒక్కసారే. మిక్చరు నా గొంతులో అడ్డం పడింది, దాసన్న తాత వాణ్ని వదిలేసి నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు. అప్పటినుంచీ ఆయన దృష్టిలో నేను అగ్గిపుల్లవాణ్ని. అట్లాంటివాడు మైకు పట్టుకుని మనవరాలికి దీవెన చెప్పబోతున్నాడని తెలిసి ఆయన ఏమనుకుంటున్నాడో, గ్లాసు మాత్రం రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నాడు, ఒక్క చుక్క ఒలకలేదు.

ఆమేన్ అంది సభ. ఉలిక్కిపడ్డాను. కేకు కోశారు, వాడు ఆమెకు, ఆమె వాడికి, చప్పట్లు, కెమెరా మెరుపులు, పిల్లలు వేదిక చుట్టూ మూగారు, వాళ్ల గ్లాసులు అప్పుడే ఖాళీ, వాళ్లను ఎవరాపగలరు. అయ్యగారు మైకులో నా పేరు చదువుతున్నారు. ఆగండి, అవ్వకు ఫోను చెయ్యాలి. బయలుదేరేటప్పుడు ఒకటే మాట చెప్పింది, "నువ్వు మాట్లాడేటప్పుడు పోను ఎత్తి పెట్టు, నేను అంగట్లో కూర్చోని ఇంటా." సెల్లు తీసి అంగడి నెంబరు నొక్కాను, అటు ఒక్క మోతకే ఎత్తింది, "అవ్వా, మాట్లాడొద్దు, ఇను" అని చొక్కా జేబులో వేసుకున్నాను. ఇప్పుడు నా గుండె కొట్టుకునేదంతా అవ్వకు వినపడుతుంది కాబోలు. గ్లాసు ఎడమచేతిలో, మైకు కుడిచేతిలో, మైకు కీచుమంది, ముందు వరుసలో చెవులు మూసుకున్నారు, మంచిదే, అందరూ మేలుకున్నారు.

"అందరికీ నమస్కారం. నా పేరు రాఘవేంద్రప్రసాద్. మాది కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు. జయపాలూ నేనూ ఒకే బెంచీలో కూర్చోని చదువుకున్న్యాం. వాడు చదువుకున్న్యాడు, నేను కూర్చున్న్యాను." నవ్వారు. అమ్మయ్య, నవ్వారు. మొదటి నవ్వు వస్తే బేరం కుదిరినట్టే, మిగతాది తూకం. మా అంగడి సంగతి ఎత్తుకున్నాను. పదో తరగతి సెలవుల్లో నేను అన్నానికి పోతూ కాసేపు చూసుకోరా అని వాణ్ని కూర్చోబెట్టి పోయాను. తిరిగి వచ్చేసరికి ఒక పెద్దామె ఉత్త సంచితో మెట్లు దిగిపోతోంది, ఆమె వెనకే వాడు చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నాడు. ఏంరా అంటే, "కందిపప్పు అడిగింది రా. మన పప్పులో రాళ్లుండాయి గదా, అందుకే ఎదురంగడికి పొమ్మని చెప్పినా" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. జయపాల్ తల వంచుకుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, స్తుతి వాడి చేతులు లాగేస్తోంది. మా నాయన ఆ రోజు అరవబోయి ఆగి, వాడితోనే కూర్చుని మూటలోని పప్పంతా చేటల్లో పోయించి రాళ్లు ఏరించాడు. "ఆ తర్వాత మా అంగట్లో రాళ్లున్న పప్పు అమ్మలేదండీ. అమ్మితే వీడు యాడనుంచి వస్తాడో అని భయం." ఇది చెప్తుంటే నాకే వింతగా అనిపించింది, నవ్వించడానికి ఎత్తుకున్న మాట చివరికి వచ్చేసరికి నవ్వులాట కాకుండా పోయింది, ఎందుకంటే అది నిజం, ఆ పెద్దామె మరుసటి వారం మా అంగడికే వచ్చింది, ఆ అబ్బోడు ఉండాడా అని అడిగి మరీ వచ్చింది.

ఇప్పుడు పాట. వాడి పాట గురించి చెప్పకపోతే టోస్టే కాదు. "వీనికి గొంతుండాది, కాదనను. ఆగడమే రాదు. అందరూ పల్లవిలో ఉంటే వీడు చరణంలో ఉంటాడు. అందరూ చరణానికి వచ్చేసరికి వీడు పాట ముగించి, మిగిలినోళ్లు ఎప్పుడొస్తారా అని మమ్మల్ని చూస్తాంటాడు." పాటల బృందం అమ్మాయిలు పడీ పడీ నవ్వుతున్నారు, వాళ్లకు అనుభవమే గదా. ఇక్కడ నాకు అసలు ఇంకో వెక్కిరింత తయారుగా ఉంది, కానీ నోటి దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే పొద్దున చర్చిలో చూసింది గుర్తొచ్చింది. పెళ్లిపాట మొదలైంది, వాడు యథాప్రకారం ముందుకు పరుగెత్తాడు, రెండో పాదంలోనే స్తుతి వాడి వైపు చూడకుండా, తన పాట తాను పాడుకుంటూ, వాడి కోటు చెయ్యి అంచును రెండు వేళ్లతో పట్టుకుని చిన్నగా కిందికి లాగింది. అంతే. వాడు ఆగాడు. ఒక మాట మింగి ఆమెతో కలిశాడు, పాట ముగిసేదాకా కలిసే ఉన్నాడు. నేను రెండో వరుసలో నిలబడి పుస్తకంలో వేలు పెట్టుకుని పాట సంగతే మర్చిపోయాను. ఇన్నేళ్లలో సంగీతం అయ్యవార్లు బెత్తంతో చేయలేనిది, వాళ్లమ్మ బతిమాలి చేయలేనిది. ఇది నేను రాసుకున్నది కాదు, ఎక్కడా చెప్పుకుని చూసుకున్నది కాదు, అయినా ఇదే చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. "అమ్మా స్తుతీ, ఆ కోటు చెయ్యి నువ్వు వదలొద్దు. వీడు నీకు అబద్ధం చెప్పడు, ఆ భయం నీకొద్దు. నువ్వు చేసిన చారు బాగుండాదా అని మాత్రం వీణ్ని అడగొద్దు, చెప్పేస్తాడు." ఈసారి నవ్వు ఆడవాళ్ల వైపునుంచి మొదలై పందిరంతా తిరిగింది. స్తుతి నవ్వలేదు, వాడి కోటు చెయ్యి అంచును పట్టుకుని అందరికీ చూపించింది. అప్పుడు చప్పట్లు.

నాకు ఒళ్లంతా తేలికైంది. టెంకాయ కథ ఇక్కడే కరెక్టుగా సరిపోతుంది, ఇదే చోటు, నాలుక చివర వచ్చి కూర్చుంది, ఇంత నవ్వుతున్నవాళ్లు దానికీ నవ్వుతారు గదా, ఏమవుతుంది. జీవమ్మ వైపు చూశాను. ఆడవాళ్ల వరుసలో మొదటి కుర్చీలో కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూనే, కళ్లు మాత్రం నా మీద నుంచి తీయకుండా కూర్చుంది. లేదు పిన్నమ్మా, ఎత్తను. మింగేశాను. మింగాక ఇక దీవెన ఒక్కటే మిగిలింది. అయ్యగారు చెప్పినట్టు గ్లాసులు చూశాను, పిల్లలవి ఖాళీ, ఆ అమ్మాయి వాళ్లకు మళ్లీ పోస్తోంది, వెనక వరుసలకు కూడా అందాయి, బాగుంది. "అందరూ దయచేసి లేవండి." కుర్చీలు గరగర జరిగాయి. దాసన్న తాత కర్ర ఊతంతో లేచి, గ్లాసు ఛాతీ దగ్గర పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. దీవెన అనగానే ఆయన కళ్లు వాటంతటవే మూసుకుంటాయి కాబోలు. "ఎమ్మిగనూరు ఇంటివాళ్లూ, బద్వేలు ఇంటివాళ్లూ ఈ పొద్దుతో ఒకటైనారు. జయపాలూ, స్తుతీ, మీ ఇంట్లో పప్పులో రాయి ఉండొద్దు, మాటలో దాపరికం ఉండొద్దు. ముందు పోయినోడు ఆగాల, ఎనకున్నామె ఉరకకుండా వచ్చి కలవాల. మీ పాట ఇద్దరూ కలిసే ముగించాల." వాడు నన్నే చూస్తున్నాడు, వాడి కళ్లు తడిసి ఉన్నాయి, ఇక ఒక్కటే మాట ఉంది, రాత్రంతా చెప్పుకున్న మాట, నాకు చాలా ఇష్టమైనవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, నేను వాడికి మంచి మాట చెప్పాను, మంచి మాట చెప్పాక ఏమనాలో నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా అవ్వ నేర్పింది, గ్లాసు పైకెత్తి, గట్టిగా, మైకులో,

"తథాస్తు!"

ఒక్కసారిగా ఊరంతా కరెంటు పోయినట్టయింది. గ్లాసులన్నీ గాల్లో ఆగిపోయాయి. "వధూవరులకు" అనడానికి సిద్ధంగా ఉన్న నోళ్లన్నీ సగం తెరుచుకుని ఉన్నాయి. అయ్యగారి కనుబొమలు పైకి పోయాయి. వద్దన్న కథ చెప్పకుండా ఆపుకున్నాను, ఇప్పుడు దానికంటే పెద్దదే చేశాను, చర్చి పందిట్లో, పట్టింపు మనిషి ముందర, అయిపోయింది, జీవమ్మ వైపు చూసే ధైర్యం కూడా లేదు. జయపాల్ నోరు తెరిచాడు, నన్ను కాపాడడానికి ఏదో అనబోతున్నాడు, కానీ వాడికంటే ముందు, ఈసారి ఒక్కసారికి వాడికంటే ముందు ఇంకొకరు అందుకున్నారు. నా ఎడమ పక్కనుంచి, ముసలి గొంతే గానీ గంట కొట్టినట్టుగా, కళ్లు ఇంకా మూసుకునే ఉన్న దాసన్న తాత,

"ఆమేన్!" అన్నాడు.

ఆయన అంటే ఇక ఆ చర్చి ఆగుతుందా. "ఆమేన్" అంది పందిరంతా ఒక్క గొంతుతో, గ్లాసులు నోటికి పోయాయి, ద్రాక్షరసం గుటుక్కుమన్న చప్పుడు కూడా నాకు వినపడింది. తాత కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, తాను దేనికి ఆమేన్ అన్నాడో, మీసాల కింద పెదవి కదిలింది, ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు. వేదిక మీద జయపాల్ కడుపు పట్టుకుని వంగిపోయాడు, సూటూ లేదు, పెళ్లికొడుకూ లేదు, గడప దగ్గర నిలబడ్డ ఆ పిల్లవాడే నవ్వుతున్నాడు, జీవమ్మ కొంగులో మొహం దాచుకుని భుజాలు ఎగిరిపడేట్టు నవ్వుతోంది. నేను కూర్చున్నాను. కూర్చోవడం మర్చిపోలేదు. తాత కూడా పక్కన కూర్చుని, ఖాళీ గ్లాసును కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టి, నా వైపు వంగి, "ఏమప్పా అగ్గిపుల్లా, మీ మాటకూ అట్లే కావాల అనే గదా అర్థం?" అన్నాడు. అవును తాతా అన్నాను. "అయితే నేను అన్న్యదాంట్లో తప్పేముండాదిలే. పోయి కూడు తిను" అన్నాడు, కర్రతో నా మోకాలి మీద చిన్నగా తట్టి. నాకు ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది జేబులో అవ్వ.

సెల్లు తీసి చెవికి పెట్టాను, వెచ్చగా ఉంది. "అవ్వా, ఉండావా?"

"ఉండా ఉండా. అంతా ఇన్న్యా. ఏమప్పా, జయపాలు గొంతు అట్లయిపోయిందే? చన్నీళ్లు తాగినాడా?"

"అన్న్యింది జయపాలు కాదవ్వా. పెండ్లికూతురు తాత."

అటువైపు అంగడి ముందు పోతున్న ఎద్దులబండి గంటలు వినపడ్డాయి, మా నాయన ఎవరికో చక్కెర ధర చెప్పడం వినపడింది, రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. తరువాత దూరంనుంచి అవ్వ గొంతు, నాతో కాదు, అక్కడున్న ఎవరితోనో, "అన్న్యారంట. ఇంగ కొట్టు" అంది. ఇటు పందిట్లో అన్నాలకు రమ్మని పిలుస్తున్నారు, జయపాల్ వేదిక దిగి స్తుతిని వెంటబెట్టుకుని నా వైపే వస్తున్నాడు, ఆమె వేళ్లు ఇంకా వాడి కోటు చెయ్యి అంచుకే ఉన్నాయి, నేను సెల్లును వాడి చెవికి ఆనించాను. టెంకాయ ఫటేల్మని పగిలింది.